కౌలుకు లేని పన్ను: వ్యవసాయ ఆదాయ మినహాయింపు ఎవరి కోసం?

అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కు చదివే ప్రతి అభ్యర్థి నోట్సులోనూ ఒక వాక్యం ఉంటుంది. వ్యవసాయేతర ఆదాయంపై పన్ను కేంద్ర జాబితాలో 82వ అంశం, వ్యవసాయ ఆదాయంపై పన్ను రాష్ట్ర జాబితాలో 46వ అంశం. పరీక్షకు అంతవరకు చాలు. కానీ అలా ఎందుకు విడదీశారు, ఆ విభజన వల్ల ఎవరికి ఏం మిగిలింది అనేది ఏ బిట్‌లోనూ రాదు. ఆ గదుల్లో ఉండి చదివేవాళ్లలో కూలి చేసే తల్లిదండ్రుల పిల్లలు చాలామంది ఉన్నారు. రేపు ఉద్యోగం వస్తే వాళ్ల జీతం నుంచి పన్ను ముందే కోత పడుతుంది. వాళ్ల అమ్మానాన్నలు ఎవరి పొలంలో కూలికి వెళ్లారో ఆ భూయజమానికి ఆ పొలం మీద వచ్చే ఆదాయంపై పన్ను లేదు. రెండూ చట్టబద్ధమే. ఈ చట్టం ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని సమర్థించే వాదనలోనూ వ్యతిరేకించే వాదనలోనూ ఎంత బలం ఉందో దళితుల వైపు నుంచి చూడాలన్నదే మా ప్రయత్నం.

మినహాయింపు పుట్టిన తీరు

1857 తిరుగుబాటు తర్వాత ఖజానా ఖాళీ అయినప్పుడు, 1860లో జేమ్స్ విల్సన్ ఈ దేశంలో తొలిసారి ఆదాయపు పన్ను పెట్టాడు. అప్పుడు వ్యవసాయ ఆదాయాన్ని వదిలిపెట్టలేదు. 1886 చట్టంతోనే అది బయటికి పోయింది. కారణం సూటిగానే చెప్పారు: భూమి మీద ఇప్పటికే శిస్తు వసూలవుతోంది, అదే ఆదాయంపై రెండోసారి పన్ను వేయకూడదు. వినడానికి సబబుగానే ఉంది. అయితే శాశ్వత శిస్తు ఉన్న ప్రాంతాల్లో జమీందారు సర్కారుకు కట్టే మొత్తం ఎప్పుడో ఒకసారి ఖాయమైపోయింది. బెంగాల్, బీహార్‌లలో 1793లో, మన ఉత్తర సర్కారు జమీందారీల్లో 1802లో. రైతుల నుంచి వసూలు చేసేది పెరుగుతూ పోయినా, సర్కారుకు కట్టేది పెరగలేదు. ఆ మధ్య మిగులు మొత్తం ఆదాయపు పన్నుకు అందకుండా జమీందారు ఇంట్లోనే ఉండిపోయింది.

1935 భారత ప్రభుత్వ చట్టం ఈ పన్ను అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. 1938లో బీహార్ మొదట చట్టం చేసింది. జమీందారీలు బలంగా ఉన్న చోటే ఈ పన్ను మొదట రావడం యాదృచ్ఛికం కాదు. హైదరాబాద్ రాష్ట్రం కూడా 1950లో వ్యవసాయ ఆదాయపు పన్ను చట్టం చేసుకుంది. అంటే ఈ నేలకు ఈ పన్ను కొత్తదేమీ కాదు. రాజ్యాంగం 1935 నాటి విభజననే కొనసాగించింది. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(1) కింద వ్యవసాయ ఆదాయాన్ని మినహాయించింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా చేసిన కొత్త చట్టమూ ఆ మినహాయింపును ముట్టుకోలేదు. రాష్ట్రాలకు అధికారం ఉంది, కానీ ఈరోజు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ అలాంటి పన్ను వసూలు లేదు. కేంద్రానికి అధికారం లేదు, రాష్ట్రాలకు మనసు లేదు.

చట్టం దృష్టిలో ఏది వ్యవసాయ ఆదాయం?

మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది నిర్వచనం. మామూలుగా వ్యవసాయ ఆదాయం అంటే దున్ని, నాటి, కోసి, అమ్మగా వచ్చిన డబ్బు అనుకుంటాం. చట్టం అక్కడితో ఆగలేదు. దేశంలో ఉన్న భూమిని వ్యవసాయానికి వాడుతున్నప్పుడు, ఆ భూమి మీద వచ్చే కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే అంది. నిజానికి నిర్వచనంలో కౌలు మాటే ముందు వస్తుంది, సాగు మాట తర్వాత వస్తుంది. నాగలి ఎప్పుడూ పట్టని, ఊరు వదిలి హైదరాబాద్‌లో స్థిరపడిన భూయజమాని ఏటా తీసుకునే కౌలు డబ్బు పూర్తిగా ఈ మినహాయింపులోకి వస్తుంది.

ఇప్పుడు కూలిని చూడండి. అదే పొలంలో నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసిన మనిషికి వచ్చే కూలి ఈ నిర్వచనంలోకి రాదు. ఆ ఆదాయం భూమి నుంచి వచ్చింది కాదు, శ్రమ నుంచి వచ్చింది అని చట్టం లెక్క. కూలి చిన్నది కాబట్టి ఎలాగూ పన్ను పడదు, నిజమే. కానీ సూత్రం ఏం చెబుతోందో గమనించాలి. ఈ మినహాయింపు వ్యవసాయం చేసే మనిషికి ఇచ్చింది కాదు, భూమికి ఇచ్చింది. భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకు అందుతుంది. కౌలుకు తీసుకుని సాగు చేసే రైతుకూ మినహాయింపు ఉంది. కాకపోతే పెట్టుబడులూ కౌలూ పోను అతనికి మిగిలేది పన్ను దాకా వచ్చేంత ఉండదు.

అశోక్ నగర్‌లో ఒక ఇంటి యజమాని హాస్టల్ గదులకు అద్దె తీసుకుంటే అది పన్ను పడే ఆదాయం. అదే యజమానికి ఊళ్లో పొలం ఉండి దాని మీద కౌలు తీసుకుంటే అది పన్ను లేని ఆదాయం. రెండూ ఆస్తి మీద కూర్చుని తీసుకునే డబ్బులే. ఒకటి విద్యార్థి జేబులోంచి, రెండోది కౌలు రైతు చెమటలోంచి వస్తుంది. అంతకుమించి తేడా ఏమిటో చెప్పడం కష్టం.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల విస్తీర్ణంలో ఎస్సీల వాటా సుమారు 8.6 శాతం. జనాభాలో వాళ్లు 2011 లెక్కల ప్రకారం 16.6 శాతం. వాళ్ల సగటు కమతం రెండెకరాల లోపే. భూమికి ఇచ్చిన రాయితీ భూమి ఉన్న కులాలకే ఎక్కువగా చేరుతుందని చెప్పడానికి వేరే పరిశోధన అక్కర్లేదు.

ఒకే ఆదాయం, మూడు పన్నులు

తేడా ఎంతో లెక్కతో చూద్దాం. 2025-26 కొత్త విధానం శ్లాబులు తీసుకుందాం. సెస్సు కలపొద్దు, మినహాయింపులూ ఖర్చులూ అన్నీ పోను మిగిలిన ఆదాయమే చూద్దాం.

మొదటి మనిషికి నారాయణగూడలో దుకాణం ఉంది. ఏడాదికి నికరంగా 25 లక్షలు మిగిలాయి. ఆయన కట్టాల్సిన పన్ను 3 లక్షల 30 వేలు. అంతే మిగిలిన ఉద్యోగికీ ఇంతే.

రెండో మనిషికి పొలాల మీదే 25 లక్షలు మిగిలాయి, వేరే ఆదాయం ఏమీ లేదు. ఆయన కట్టాల్సిన పన్ను సున్నా.

మూడో మనిషికి వ్యాపారం మీద 15 లక్షలు, పొలం మీద 10 లక్షలు వచ్చాయి. ఇక్కడ 1973లో తెచ్చిన ఒక పద్ధతి పనిచేస్తుంది. కేంద్రం వ్యవసాయ ఆదాయంపై పన్ను వేయలేదు కానీ, మిగతా ఆదాయం ఏ శ్లాబులోకి వస్తుందో తేల్చడానికి దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. ముందు రెండూ కలిపి 25 లక్షలపై పన్ను కడతారు: 3.30 లక్షలు. తర్వాత వ్యవసాయ ఆదాయం 10 లక్షలకు పన్ను లేని పరిమితి 4 లక్షలు కలిపి, ఆ 14 లక్షలపై పన్ను లెక్కిస్తారు: 90 వేలు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే 2.40 లక్షలు. ఆయన కట్టాల్సింది అదే. పొలం ఆదాయం చూపించకపోతే 15 లక్షలపై 1.05 లక్షలే కట్టేవాడు.

అంటే ముగ్గురి ఆదాయమూ 25 లక్షలే అయినా, ఒకరు 3.30 లక్షలు, ఒకరు 2.40 లక్షలు, ఒకరు సున్నా కడుతున్నారు. పైగా ఈ కలిపి లెక్కించే పద్ధతి వ్యక్తులకూ ఉమ్మడి కుటుంబాల వంటివాటికీ మాత్రమే. కంపెనీలకూ భాగస్వామ్య సంస్థలకూ వర్తించదు. వాటికి వ్యవసాయ ఆదాయం అని ఒప్పించుకోగలిగితే ఆ భాగం మొత్తం పన్ను లేకుండానే పోతుంది.

ఆ ఒప్పించుకోవడం ఎంత దూరం వెళ్తుందో హైదరాబాద్‌లోనే ఒక కేసు చూపించింది. ఇన్వెంటా ఇండస్ట్రీస్ అనే కంపెనీ గదుల్లో ఉష్ణోగ్రత నియంత్రించి, ట్రేలలో మట్టి పోసి పుట్టగొడుగులు పెంచింది. అది వ్యాపారమని ఆదాయపు పన్ను శాఖ, వ్యవసాయమని కంపెనీ వాదించాయి. 2018లో ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ హైదరాబాద్ ప్రత్యేక బెంచి కంపెనీ వైపే తీర్పు ఇచ్చింది. ట్రేలోకి ఎత్తినా మట్టి మట్టే అన్నది ఆ తీర్పు సారాంశం. చట్టం మాటల ప్రకారం ఆ తర్కం తప్పని మేం అనడం లేదు. కానీ 1886లో శిస్తు కట్టే రైతును రెండోసారి బాదకూడదని పెట్టిన మినహాయింపు, శిస్తు అనేదే ఎరగని ఏసీ గది దాకా వచ్చిందని మాత్రం గుర్తుంచుకోవాలి.

మినహాయింపు ఉండాలనే వాదన

దీన్ని సమర్థించేవాళ్లందరూ భూస్వాములు కాదు. వాళ్ల వాదనలో బలం ఉంది. వ్యాపారి తన సరుకు ధర తాను పెట్టుకుంటాడు, రైతు పెట్టుకోలేడు. ఎగుమతులపై నిషేధాలూ నిల్వలపై ఆంక్షలూ పెట్టి ప్రభుత్వమే పంట ధరలను అణచిపెడుతుంది. 2018లో ఓఈసీడీ, ఇక్రియర్ సంస్థలు కలిసి చేసిన అధ్యయనం, 2000-01 నుంచి 2016-17 వరకు ఇలాంటి విధానాల వల్ల రైతుల స్థూల రాబడిలో ఏటా సగటున 14 శాతం కోత పడిందని లెక్కగట్టింది. కనిపించే పన్ను లేదు గానీ కనిపించని పన్ను కడుతూనే ఉన్నారన్నమాట.

రెండోది, పంట ఆదాయం ఏడాది ఏడాదికీ ఊగుతుంది. ఒక ఏడు మిర్చికి ధర వస్తుంది, తర్వాత రెండేళ్లు తెగులుకు పోతుంది. మంచి ఏడాదిలో పై శ్లాబు పన్ను వేసి, చెడ్డ ఏడాదిలో ఏమీ తిరిగి ఇవ్వకపోతే అన్యాయమే. మూడోది, లెక్కలు. రైతు దగ్గర ఎరువుల బిల్లు ఉండొచ్చు, కూలి డబ్బుకు రసీదు ఉండదు. రసీదు లేని ఖర్చును అధికారి ఒప్పుకోకపోతే నష్టపోయిన రైతు కూడా కాగితం మీద లాభం చూపించినట్టవుతుంది. ఇంత చేసి వచ్చే పన్ను, వసూలు ఖర్చుకైనా చాలుతుందా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

వద్దనే వాదన

కానీ ఈ కారణాలన్నీ చిన్న రైతును చూపించి చెప్పేవే. చిన్న రైతును కాపాడుతున్నది ఈ మినహాయింపేనా? 2018-19 జాతీయ నమూనా సర్వే ప్రకారం వ్యవసాయ కుటుంబం సగటు నెలసరి ఆదాయం తెలంగాణలో 9,403 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 10,480 రూపాయలు. ఏడాదికి లక్ష పైచిలుకు. ఇప్పుడు 12 లక్షల లోపు ఆదాయం ఉన్న ఉద్యోగికే రిబేటు వల్ల పన్ను పడటం లేదు.

పది ఎకరాల మాగాణి రైతును తీసుకుందాం. ఎకరాకు 25 క్వింటాళ్ల చొప్పున రెండు పంటలూ పండితే 500 క్వింటాళ్లు. 2025-26లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర 2,389 రూపాయలు. మొత్తం అమ్మకమే 12 లక్షల లోపు. దాంట్లోంచి దుక్కి, విత్తనం, ఎరువు, కూలి, కోత మిషన్ కిరాయి పోవాలి. అంటే ఈ మినహాయింపు రేపు ఎత్తేసి, ఉద్యోగికి ఉన్న నియమాలే పెట్టినా ఈ రైతు పైసా కట్టక్కర్లేదు. చిన్న రైతును కాపాడేది అందరికీ ఉన్న పరిమితి. మినహాయింపు కాపాడేది ఆ పరిమితి దాటినవాళ్లను.

ఆ పైన ఉన్నవాళ్లలో నిజమైన పెద్ద రైతులతో పాటు ఇంకో రకం వాళ్లూ ఉంటారు. వేరే చోట వచ్చిన డబ్బును పంట డబ్బుగా చూపించుకునేవాళ్లు. దీన్ని పట్టుకోవడం పెద్ద విద్యేమీ కాదు. పాసుపుస్తకంలో ఎన్ని ఎకరాలు ఉన్నాయి, ఏ పంట వేశారు, ఎకరాకు ఎంత దిగుబడి వస్తుంది, మార్కెట్ యార్డు తక్‌పట్టీలు ఉన్నాయా అని చూస్తే చాలు. పై లెక్కలో పదెకరాలకు 12 లక్షలు కూడా రాలేదు. అదే పదెకరాల వరి మీద కోటి చూపిస్తే అది వడ్ల డబ్బు కాదు. వ్యవసాయ ఆదాయం 5 లక్షలు దాటితే భూమి విస్తీర్ణం, అది సొంతమా కౌలా, నీటి వసతి ఉందా లేదా అన్నది ఇప్పుడు రిటర్నులోనే రాయాలి. అయినా అడిగేవాళ్లు తక్కువ. కాగ్ 2019 నివేదికలో 6,778 కేసులు పరిశీలిస్తే 1,527 కేసుల్లో సరైన తనిఖీ లేకుండానే మినహాయింపు ఒప్పుకున్నారని తేలింది.

మిగతా దేశాలు ఏం చేశాయి?

పంట ఆదాయం ఊగుతుందనే సమస్య అన్ని దేశాలకూ ఉంది. అమెరికా రైతు ఈ ఏడాది ఆదాయాన్ని గత మూడేళ్ల మీద సర్ది పన్ను లెక్కించుకోవచ్చు. బ్రిటన్‌లో రెండేళ్లు లేదా ఐదేళ్ల సగటు తీసుకోవచ్చు. లెక్కలు రాసుకోలేని చిన్న కమతాలకు జర్మనీలో విస్తీర్ణాన్ని బట్టి సగటు ఆదాయం అంచనా వేస్తారు. ఇవన్నీ వ్యవసాయాన్ని వేరుగానే చూస్తాయి. కానీ వేరుగా చూడటం, పూర్తిగా వదిలేయడం ఒకటి కాదు.

వదిలేసిన దేశమూ ఉంది. శతాబ్దాలుగా రైతుల మీద ఉన్న వ్యవసాయ పన్నును చైనా 2006 జనవరి 1 నుంచి రద్దు చేసింది. అక్కడ భూమి వ్యక్తుల సొత్తు కాదు, గ్రామ సమష్టిది. రద్దు లాభం సాగు చేసేవాళ్లకే పోయింది. మన దగ్గర అలా కాదు.

మనకు దగ్గరి పోలిక పాకిస్తాన్. అదే 1935 చట్టం వారసత్వం, అదే విభజన, చట్టసభల్లో అలాగే భూస్వాముల బలం. దశాబ్దాల పాటు అక్కడి రాష్ట్రాలు నామమాత్రపు పన్నుతో సరిపెట్టాయి. చివరికి అంతర్జాతీయ ద్రవ్యనిధి రుణ షరతు మీద 2024 నవంబర్‌లో పంజాబ్, 2025 ఫిబ్రవరి నాటికి మిగతా రాష్ట్రాలూ మిగతా ఆదాయంతో సమానమైన రేట్లు ఒప్పుకున్నాయి. సొంత ప్రజలు అడిగితే చేయని పని అప్పు ఇచ్చినవాడు అడిగితే చేయాల్సి వచ్చింది.

ఎలా వేస్తారన్నదే అసలు ప్రశ్న

పన్ను వేయాలి అనగానే మా పని అయిపోదు. ఎలా వేస్తారన్న దాని మీద దళితులకు మేలో కీడో ఉంటుంది. 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ ఒక పద్ధతి సూచించింది. ప్రతి రైతూ లెక్కలు చూపించక్కర్లేదు, జిల్లానూ పంటనూ బట్టి హెక్టారుకు ఇంత ఆదాయం అని అంచనా కట్టి, సాగు చేసే కమతంపై పన్ను వేయాలంది. రసీదుల సమస్యకు అది తెలివైన జవాబే. కానీ సాగు చేసే కమతం అంటే కౌలు రైతు చేతిలోని భూమి కూడా అందులోకి వస్తుంది. యజమాని తప్పించుకుని పన్ను కౌలు రైతు మీద పడే ప్రమాదం ఉంది. ఇక ప్రభుత్వం దళితులకు పంచిన అసైన్డ్ భూముల్లో రాళ్లూ రప్పలూ చెలకలే ఎక్కువ. పక్కనే కాలువ కింద ఉన్న మాగాణికీ వీటికీ ఒకే సగటు కడితే ఎవరు నష్టపోతారో ఊహించడం కష్టం కాదు.

ఈ ప్రమాదాన్ని బాబాసాహెబ్ అంబేద్కర్ ముందే చూశాడు. 1927లో బొంబాయి శాసనమండలిలో బడ్జెట్‌పై మాట్లాడుతూ, ఆదాయం లేనివాడిని ఆదాయపు పన్ను వదిలేస్తుంది గానీ శిస్తు వదలదని ఎత్తిచూపాడు. పంట పండినా ఎండినా, ఒక్క ఎకరం ఉన్నవాడైనా జాగీర్దారైనా శిస్తు ఒకే రేటున పడుతుందని, కట్టగల శక్తిని చూడని పన్ను అన్యాయమని ఆయన వాదన. ఆ రోజు శిస్తు ఎకరాన్ని చూసింది, మనిషిని చూడలేదు. ఈ రోజు మినహాయింపు కూడా ఎకరాన్నే చూస్తోంది. అప్పుడు చిన్నవాడు పెద్దవాడితో సమానంగా కట్టాడు. ఇప్పుడు పెద్దవాడు చిన్నవాడితో సమానంగా కట్టకుండా ఉంటున్నాడు. 2018లో విస్తీర్ణ పరిమితి లేకుండా, కౌలు రైతును వదిలేసి, పట్టాదారు ఖాతాలో ఎకరా చొప్పున డబ్బు వేసిన రైతుబంధులోనూ ఇదే చూపు కనిపిస్తుంది.

అందుకే మా అభిప్రాయం ఇది. మొదట పన్ను పడాల్సింది కౌలు ఆదాయం మీద. అందులో వాన రిస్కు లేదు, తెగులు లేదు, రసీదుల సమస్య లేదు. మినహాయింపును సమర్థించే ఒక్క కారణమూ దానికి వర్తించదు. యజమానులు ఆ భారాన్ని కౌలు పెంచి రైతు మీదికి నెట్టకుండా కౌలు రైతుల గుర్తింపు కార్డులు, రాతపూర్వక ఒప్పందాలు దానితో పాటే రావాలి. అవి లేకుండా పన్ను మాత్రమే వస్తే నోటిమాట కౌళ్లు ఇంకా పెరుగుతాయి. తర్వాత కంపెనీల వ్యవసాయ ఆదాయం. ఆపైన, మిగతా పౌరులకు ఉన్న పరిమితి దాటిన పెద్ద సాగుదారు, అదీ మూడు నాలుగేళ్ల సగటు మీద. కౌలు మీద పన్ను వేయడానికి ఢిల్లీ అనుమతి కూడా అక్కర్లేదు, 46వ అంశం కింద ఆ అధికారం రాష్ట్ర శాసనసభకు ఉంది.

వసూలయ్యే మొత్తం పెద్దది కాకపోవచ్చు. అయినా జీతం మీద పన్ను కట్టే మొదటి తరం దళిత ఉద్యోగికి, తన తండ్రి కూలి చేసిన పొలం కౌలు మీద ఎందుకు పన్ను లేదని అడిగే హక్కు ఉంది. దానికి 1886 నాటి శిస్తును జవాబుగా చూపించే రోజులు పోయాయి.